ఫీజు తేదీకి డబ్బు చేతిలో ఉండాలంటే: బాండ్ ల్యాడర్, సింకింగ్ ఫండ్ వేసుకునే పద్ధతి

"స్థలం అమ్మిన డబ్బు పది లక్షలుంది, రెండేళ్లలో అమ్మాయి బీటెక్‌లో చేరుతుంది, ఎందులో పెట్టాలి?" అని చాలామంది అడుగుతున్నారు. "మార్చి వచ్చిందంటే ఎల్ఐసీ, ఇంటి పన్ను అన్నీ ఒకేసారి మీద పడుతున్నాయి, ఏం చేయాలి?" అన్నది ఇంకో ప్రశ్న. రెండింట్లోనూ ఖర్చు ఎంతో తెలుసు, ఎప్పుడో తెలుసు. ఆ రోజుకి డబ్బు సిద్ధంగా ఉండేలా చూసుకోవడమే పని. దాన్ని వరుసగా ఎలా చేయాలో కింద రాస్తున్నాను. లెక్కలు 2026 జులైలో మొదలుపెడుతున్నట్టు అనుకుని వేశాను. మీ తేదీ, మీ మొత్తాలు పెట్టుకుని ఇదే వరుసలో వెళ్లండి.

## 1. ముందు మీకు ఏది కావాలో తేల్చుకోండి

చేతిలో ఇప్పటికే పెద్ద మొత్తం ఉండి, ఖర్చులు ముందు ముందు రావాల్సి ఉంటే బాండ్ ల్యాడర్ వేసుకోవాలి. బాండ్ అంటే ప్రభుత్వానికో కంపెనీకో మనమిచ్చే అప్పు, చెప్పిన తేదీకి అసలు తిరిగొస్తుంది. ల్యాడర్ అంటే ఆ మొత్తాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఒక్కో ఖర్చుకు కాస్త ముందు మెచ్యూర్ అయ్యేలా కొనడం. ఒక్కో ముక్కను మెట్టు అందాం.

చేతిలో మొత్తం లేదు, జీతం మాత్రం నెలనెలా వస్తుంది అంటే సింకింగ్ ఫండ్. రాబోయే ఖర్చును నెలలకు పంచి, ఆ వాటాను వేరే ఖాతాలో పక్కన పెడుతూ పోవడం.

చాలా ఇళ్లకు రెండూ కావాలి. చదువు ఫీజులకు ల్యాడర్, ఏటా వచ్చిపడే ప్రీమియాలకు, పన్నులకు సింకింగ్ ఫండ్. కానీ ఆసుపత్రి ఖర్చు, ఉద్యోగం పోవడం లాంటివి ఎప్పుడొస్తాయో తెలియదు కాబట్టి ఈ రెండింట్లో దేనికీ సరిపడవు. వాటికి అత్యవసర నిధి వేరుగా ఉండాలి. అది లేకుండా ల్యాడర్ వేస్తే, మొదటి ఇబ్బంది రాగానే ఏదో ఒక మెట్టు తెగనమ్ముకోవాల్సి వస్తుంది.

## 2. ఖర్చుల కాగితం రాయండి

వడ్డీ రేట్లు చూడకముందే ఈ కాగితం పూర్తవ్వాలి. ఒక్కో ఖర్చుకు నాలుగు వివరాలు రాయండి.

□ ఖర్చు పేరు
□ కట్టాల్సిన చివరి తేదీ (నెల మాత్రమే కాదు, రోజు కూడా)
□ ఆ రోజుకి అయ్యే మొత్తం
□ ఆ మొత్తం ఖాయమా, అంచనానా

మూడో గీత దగ్గరే ఎక్కువమంది తేడా చేస్తారు. కాలేజీ ఫీజు ఇవాళ 2,70,000 ఉందని నాలుగేళ్లకూ అదే రాసేస్తారు. చేరబోయేది రెండేళ్ల తర్వాత కాబట్టి, అప్పటికి పెరిగే ఫీజు రాయాలి. హాస్టల్, మెస్ చార్జీలు ఫీజుతో సమానంగా పెరగకపోవచ్చు, వాటిని విడిగా రాసుకుంటే మంచిది.

పిల్లలు ఎంఎస్‌కు అమెరికా వెళ్తారని ప్లాన్ ఉన్నవాళ్లు ఇంకో గీత కలపాలి: ఏ కరెన్సీలో కట్టాలి? రూపాయల్లో వేసిన ల్యాడర్ తేదీని సరిగ్గా అందిస్తుంది కానీ డాలరు ధర పెరిగితే కాపాడలేదు. అలాంటి ఖర్చును ఇవాళ్టి మారకం రేటుకే లెక్కేస్తే తక్కువ పడే ప్రమాదం ఉంది.

## 3. సింకింగ్ ఫండ్: నెలవాటా కట్టే లెక్క

ఒక ఇంటి ఏడాది ఖర్చులు ఇలా ఉన్నాయనుకోండి.

- నవంబర్: ఆరోగ్య బీమా 36,000
- జనవరి: సంక్రాంతి బట్టలు, ఊరి ప్రయాణం 20,000
- ఫిబ్రవరి: కారు ఇన్సూరెన్స్ 14,000
- మార్చి: ఎల్ఐసీ ప్రీమియం 30,000
- ఏప్రిల్: ఇంటి పన్ను 8,000

మొత్తం 1,08,000. పన్నెండుతో భాగిస్తే నెలకు 9,000. ఎక్కువమంది ఇక్కడితో ఆపేస్తారు. ఆపితే మార్చిలో దొరికిపోతారు. ఎలాగో చూడండి.

జులై నుంచి నెలకు 9,000 వేస్తే నవంబర్‌కు 45,000 అవుతాయి. ఆరోగ్య బీమా కట్టాక 9,000 మిగులుతాయి. జనవరికి 27,000 చేరి, పండగ అయ్యాక 7,000కి వస్తాయి. ఫిబ్రవరిలో కారు ఇన్సూరెన్స్ కట్టాక 2,000. మార్చిలో ఇంకో 9,000 పడితే 11,000 ఉంటాయి, కట్టాల్సింది 30,000. అంటే 19,000 లోటు. ఏడాది మొత్తం మీద లెక్క సరిపోతుంది, ఆ నెలలో మాత్రం సరిపోదు.

కాబట్టి భాగహారం తర్వాత ఈ నెలవారీ నిల్వ లెక్క తప్పనిసరి. పన్నెండు నెలలు వరసగా రాసి, వేసింది కలుపుతూ, కట్టింది తీసేస్తూ పొండి. నిల్వ ఎక్కడ అత్యంత కిందికి పోయిందో చూడండి. అక్కడి లోటు ఎంతో, మొదటి నెలలో అంత విత్తు సొమ్ము వేయాలి. ఇక్కడ 19,000. అది వేసి మొదలుపెడితే మార్చిలో నిల్వ సున్నాకు వచ్చి, జూన్‌ కల్లా మళ్లీ 19,000కి చేరుతుంది. ఆ తర్వాత ఏటా అదే తీరున తిరుగుతుంది, మళ్లీ విత్తు అక్కర్లేదు.

విత్తు సొమ్ము ఇప్పుడు లేదంటే మొదటి ఏడాది వాటా పెంచండి. జులై నుంచి మార్చి వరకు తొమ్మిది నెలల్లో 1,00,000 కట్టాలి కాబట్టి నెలకు 11,200 వేస్తే సరిపోతుంది. ఏప్రిల్ నుంచి 9,000కి దిగిపోవచ్చు. ఆ లెక్కన జూన్ చివరికి 19,800 నిల్వ ఉంటుంది, అంటే రెండో ఏడాదికి కావాల్సిన విత్తు దానంతటదే సిద్ధమవుతుంది.

ఇంటి పన్ను ఏప్రిల్‌లో ఎందుకు రాశానంటే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏడాది పన్ను ఏప్రిల్ 30 లోపు కట్టేస్తే 5 శాతం రాయితీ ఇస్తూ వస్తున్నారు. ఖర్చును కొంచెం ముందుకు జరిపితే తగ్గేచోట్ల ఆ తేదీనే చివరి తేదీగా రాసుకోండి. ఏ బ్యాంకూ నెల రోజులకు 5 శాతం ఇవ్వదు.

రెండు మూడేళ్లకు వచ్చే ఖర్చుకూ లెక్క ఇదే. 36 నెలల్లో కొత్త బండికి 2,00,000 కావాలంటే నెలకు సుమారు 5,560. వచ్చే వడ్డీని వాటాలోంచి తగ్గించకండి. మూడేళ్లలోపు ఖర్చుకు ఆ వడ్డీ ఎలాగూ పన్నుకు, పెరిగిన ధరకు సరిపోతుంది.

## 4. ఆ సొమ్మును ఎక్కడ ఉంచాలి

జీతం ఖాతాలోనే ఉంచి "ఇందులో 27,000 పండగవి" అని మనసులో లెక్కపెట్టుకోవడం పనిచేయదు. యూపీఐ ఉన్న ఖాతాలో ఉన్న డబ్బు ఖర్చయిపోతుంది.

ఏడాది లోపు ఖర్చులకు విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి. దానికి యూపీఐ కలపొద్దు. జీతం పడ్డ రెండో రోజో మూడో రోజో ఆటోమేటిక్‌గా బదిలీ అయ్యేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. ఐదు ఖర్చులకు ఐదు ఖాతాలు అవసరం లేదు. ఒకే ఖాతా, పక్కన నిల్వల కాగితం ఉంటే చాలు.

ఒకే ఒక్క పెద్ద ఖర్చు, తేదీ తెలుసు అంటే ఆర్‌డీ బాగా సరిపోతుంది. ఖర్చు తేదీకి కనీసం పది రోజుల ముందు మెచ్యూర్ అయ్యేలా నెలల సంఖ్య ఎంచుకోండి. ఖాతాలో డబ్బు లేక వాయిదా తప్పితే బ్యాంకులు సాధారణంగా జరిమానా వేస్తాయి, చివర్లో వచ్చే మొత్తమూ తగ్గుతుంది. అందుకే వాయిదా తేదీ జీతం తేదీకి దగ్గరగా ఉండాలి.

షేర్లు, ఈక్విటీ ఫండ్లలో సింకింగ్ ఫండ్ పెట్టొద్దు. ప్రీమియం కట్టే రోజున మార్కెట్ ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు, ఇన్సూరెన్స్ కంపెనీ అది బాగుపడేదాకా ఆగదు.

## 5. ల్యాడర్ లెక్క: చివరి మెట్టు నుంచి మొదలుపెట్టండి

ఈ అంచె మీద కొంచెం సమయం పెట్టండి. ఇది సరిగ్గా వస్తే మిగిలిందంతా కొనుగోలు పనే.

విజయవాడలో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. చేతిలో 10,00,000 ఉన్నాయి. అమ్మాయి 2026లో ఇంటర్‌లో చేరింది. 2028 ఆగస్టు నుంచి 2031 ఆగస్టు వరకు నాలుగు సార్లు ఫీజు, హాస్టల్ కలిపి కట్టాలి: వరుసగా 3,00,000, 3,10,000, 3,20,000, 3,30,000. మొత్తం 12,60,000.

తొలి ఆలోచన పదిని నాలుగు భాగాలు చేసి, తలా 2,50,000 పెట్టడం. అది తప్పు. బాండ్లు అసలు తిరిగొచ్చేదాకా మధ్యలో ఆరు నెలలకోసారి వడ్డీ ఇస్తూ ఉంటాయి. 2031 బాండు 2028లోనూ వడ్డీ ఇస్తుంది. అంటే చివరి మెట్ల వడ్డీ ముందు మెట్ల ఖర్చులో కొంత మోస్తుంది. అందుకే వెనక నుంచి ముందుకు రావాలి.

లెక్క తేలిగ్గా ఉండటానికి మూడు అనుకుందాం: అన్ని బాండ్లూ 7 శాతం వడ్డీవి, ముఖ విలువకే, అంటే చివర్లో తిరిగొచ్చే అసలుకే దొరికాయి, ఏటా జులైలో మెచ్యూర్ అవుతాయి. ప్రభుత్వ బాండ్లు ముఖ విలువలో 10,000 చొప్పునే కొనాలి, కాబట్టి పదివేలకు సర్దుతూ వెళ్దాం.

2031 మెట్టు. కావాల్సింది 3,30,000. ఆ ఏడాది వచ్చేది ఈ బాండు అసలు, దాని ఏడాది వడ్డీ. 3,30,000ను 1.07తో భాగిస్తే 3,08,411. పైకి సర్దితే 3,10,000. వడ్డీ 21,700తో కలిపి 3,31,700 వస్తాయి.

2030 మెట్టు. కావాల్సింది 3,20,000. 2031 బాండు నుంచి ఈ ఏడాది 21,700 వస్తుంది. మిగిలింది 2,98,300. 1.07తో భాగిస్తే 2,78,785, సర్దితే 2,80,000.

2029 మెట్టు. కావాల్సింది 3,10,000. తర్వాతి రెండు బాండ్ల వడ్డీ 41,300. మిగిలిన 2,68,700కు లెక్క 2,51,121. ఇక్కడ పైకి సర్దితే 2,60,000 కావాలి, దాదాపు తొమ్మిది వేలు వృథాగా ఎక్కువ. 2,50,000 తీసుకుంటే 1,200 తక్కువ పడుతుంది. 2,50,000కే వెళ్దాం, ఆ 1,200 ఎక్కడి నుంచి వస్తుందో కింద చూస్తారు.

2028 మెట్టు. కావాల్సింది 3,00,000. తర్వాతి మూడు బాండ్ల వడ్డీ 58,800. ఇంకోటి మర్చిపోకూడదు: 2026 జులై నుంచి 2027 జులై వరకు ఫీజేమీ లేదు, కానీ వడ్డీ వస్తుంది. అది కూడా 2028కే చెందుతుంది. అంటే మొదటి ఏడాదిలో ఇంకో 58,800. ఇక ఈ మెట్టు మోయాల్సింది 1,82,400. ఈ బాండు రెండేళ్ల వడ్డీ, అసలు కలిపి ఇవ్వాలి కాబట్టి 1.14తో భాగించాలి. సరిగ్గా 1,60,000.

| ఏడాది | ఫీజు | కొనాల్సిన ముఖ విలువ | ఆ ఏడాది వచ్చే మొత్తం వడ్డీ |
|---|---|---|---|
| 2027 | లేదు | లేదు | 70,000 |
| 2028 | 3,00,000 | 1,60,000 | 70,000 |
| 2029 | 3,10,000 | 2,50,000 | 58,800 |
| 2030 | 3,20,000 | 2,80,000 | 41,300 |
| 2031 | 3,30,000 | 3,10,000 | 21,700 |

ముఖ విలువల మొత్తం 10,00,000. మొదటి మెట్టు చివరి మెట్టులో దాదాపు సగమే ఉందని గమనించండి. సమానంగా పంచి ఉంటే 2028లో డబ్బు మిగిలి ఖాళీగా పడి ఉండేది, 2031లో సుమారు 62,000 తక్కువ పడేది.

2027లో వచ్చే 70,000ను ఖర్చు చేయకుండా ఏడాది ఎఫ్‌డీలోనో, ప్రభుత్వం స్వల్పకాలానికి అప్పు తీసుకునే 364 రోజుల ట్రెజరీ బిల్లులోనో పెట్టాలి. దాని మీద వచ్చే నాలుగు వేల చిల్లరే 2029లోని 1,200 లోటును పూడుస్తుంది.

వడ్డీ పడగానే "అదనపు ఆదాయం వచ్చింది" అనుకుని వాడేసే ఇంట్లో ఈ లెక్క నిలవదు. వడ్డీ పడే బ్యాంకు ఖాతా కూడా వేరుగా ఉండాలి.

## 6. ఒక్కో మెట్టుకు ఏది కొనాలి

కేంద్ర ప్రభుత్వ బాండ్లు. అసలు, వడ్డీ ఎగవేత భయం లేదు. పేరులో వడ్డీ రేటు, మెచ్యూర్ అయ్యే ఏడాది ఉంటాయి కానీ నెల ఉండదు, చిక్కంతా అక్కడే. ఉదాహరణకు 7.06% GS 2028 ఏప్రిల్ 10న మెచ్యూర్ అవుతుంది, 7.37% GS 2028 అక్టోబర్ 23న. ఆగస్టు ఫీజుకు మొదటిది పనికొస్తుంది. రెండోది రేటు చూసి కొంటే రెండు నెలలకు పైగా అప్పు చేయాల్సి వస్తుంది. ఖర్చు తేదీకి ముందు మెచ్యూర్ అయ్యేదే తీసుకోండి, నాలుగు నెలలు ముందైనా పర్వాలేదు.

రాష్ట్ర ప్రభుత్వాల బాండ్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా రాష్ట్రాలన్నీ రిజర్వ్ బ్యాంక్ ద్వారా వేలంలో అప్పు తీసుకుంటాయి. కేంద్ర బాండ్ల కంటే రాబడి సాధారణంగా కాస్త ఎక్కువ. మెచ్యూరిటీ తేదీలు చాలా ఉంటాయి కాబట్టి ఖాళీ ఉన్న నెలకు దొరికే అవకాశం ఎక్కువ. మధ్యలో అమ్మాలంటే కొనేవాళ్లు తక్కువ. చివరిదాకా ఉంచుకునే మెట్టుకే వాడండి.

బ్యాంకు ఎఫ్‌డీలు. ఎఫ్‌డీకి తేదీ మనమే పెట్టుకోవచ్చు, బాండ్లకు లేని సుఖం ఇది. వడ్డీ చివర్లో ఇచ్చే క్యుములేటివ్ ఎఫ్‌డీ అయితే వెనక నుంచి లెక్క కట్టే శ్రమా లేదు. ఐదేళ్లకు 6.5 శాతం, మూడు నెలల చక్రవడ్డీ అయితే 2031లో 3,30,000 రావాలంటే ఇవాళ సుమారు 2,39,100 వేయాలి. అలా ఒక్కో ఏడాదికి విడిగా వేసుకోవచ్చు. హద్దు ఏంటంటే డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. పది లక్షల ల్యాడర్‌ను కనీసం మూడు బ్యాంకులకు పంచండి, వడ్డీ పెరిగాక కూడా ఒక్కోచోట 5 లక్షలు దాటకుండా.

నా మాట అడిగితే, తేదీ లెక్కలతో కుస్తీ పట్టే ఓపిక లేనివాళ్లకు ఎఫ్‌డీ ల్యాడరే మేలు. మొత్తం పాతిక లక్షలు దాటి, బ్యాంకులు పంచుకోవడమే తలనొప్పి అయినప్పుడు ప్రభుత్వ బాండ్ల వైపు వెళ్లడం అర్థవంతం.

కంపెనీ బాండ్లు ఫీజు ల్యాడర్‌లో వద్దు. 10 శాతం ఇస్తామనే కంపెనీ ఒక్కటి చేతులెత్తేస్తే ఒక సంవత్సరం ఫీజు మొత్తం పోయినట్టే. కాల్ ఆప్షన్ ఉన్నవి అసలే వద్దు. రేట్లు తగ్గినప్పుడు కంపెనీ ముందే డబ్బు తిరిగిచ్చేస్తుంది, మీరు దాన్ని తక్కువ రేటుకు మళ్లీ పెట్టాలి.

## 7. ప్రభుత్వ బాండ్లు కొనే వరుస

మామూలు జనం నేరుగా ప్రభుత్వ బాండ్లు కొనడానికి రిజర్వ్ బ్యాంక్ 2021 నవంబర్‌లో రిటైల్ డైరెక్ట్ మొదలుపెట్టింది. ఆ బాండ్లు ఉండే ఖాతాను గిల్ట్ ఖాతా అంటారు, rbiretaildirect.org.in లో దాన్ని ఉచితంగా తెరవచ్చు.

□ పాన్, ఆధార్, ఆధార్‌కు కలిసిన మొబైల్ నంబర్
□ వడ్డీ, అసలు పడటానికి విడిగా తెరిచిన సేవింగ్స్ ఖాతా
□ నామినీ వివరాలు
□ 5వ అంచెలో తేలిన పట్టిక

కొనడానికి రెండు దారులు. మొదటిది వేలం. ట్రెజరీ బిల్లులకు బుధవారం, కేంద్ర బాండ్లకు శుక్రవారం సాధారణంగా వేలం ఉంటుంది. ధర మీరు చెప్పనక్కర్లేదు, ఎంత ముఖ విలువ కావాలో చెబితే చాలు. వేలంలో తేలిన సగటు ధరకు ఇస్తారు. కానీ వేలంలో ఆ వారం ఏ బాండు అమ్ముతున్నారో అదే దొరుకుతుంది.

రెండోది సెకండరీ మార్కెట్, అంటే ఇప్పటికే బాండ్లు ఉన్నవాళ్ల దగ్గర కొనడం. ల్యాడర్‌కు కావాల్సిన 2028, 2029 బాండ్లు ఎక్కువగా ఇక్కడే దొరుకుతాయి, ఎందుకంటే అవి ఎప్పుడో జారీ అయినవి. ఇక్కడ స్క్రీన్ మీద కనిపించే ధర మీరు కట్టే మొత్తం కాదు. కిందటి వడ్డీ తేదీ నుంచి పోగైన వడ్డీ దానికి కలుస్తుంది. 7 శాతం బాండు ధర 101.40 అని కనిపిస్తూ, వడ్డీ ఇచ్చి మూడు నెలలైందనుకోండి. వందకు 1.75 పోగై ఉంటుంది. కట్టాల్సింది 103.15. అంటే లక్ష ముఖ విలువకు 1,03,150. ఆ 1,750 తర్వాతి వడ్డీలో తిరిగొచ్చేస్తుంది, కానీ ధరలోని అదనపు 1,400 తిరిగి రాదు, మెచ్యూరిటీకి వచ్చేది వందే.

అందుకని పట్టిక రెండుసార్లు వేయాలి. ఒకసారి 7 శాతం అనుకుని, రెండోసారి నిజంగా దొరికే బాండ్ల వడ్డీ రేట్లు, ధరలతో. ఎంత వడ్డీ ఇస్తుందన్నది మాత్రమే కాకుండా, మెచ్యూరిటీ దాకా రాబడి ఎంతో చూసి పోల్చండి. కొనేటప్పుడూ చివరి మెట్టుతోనే మొదలుపెట్టండి. దాని వడ్డీ ఖాయమైతేనే ముందు మెట్ల పరిమాణం తేలుతుంది.

## 8. పన్ను లెక్క కలపండి

పై పట్టికలో పన్ను లేదు. ఈ వడ్డీ మీ స్లాబు ప్రకారం పన్నుకు వస్తుంది. 20 శాతం స్లాబులో ఉంటే సెస్‌తో కలిపి 20.8 శాతం. మొదటి ఏడాది 70,000 మీద 14,560. ఐదేళ్ల మొత్తం వడ్డీ 2,61,800 మీద సుమారు 54,500.

రెండు దారులున్నాయి. పన్ను జీతంలోంచి కట్టుకోవడం, అప్పుడు పట్టిక మార్చక్కర్లేదు. లేదా ల్యాడరే పన్ను మోయాలంటే, 7 శాతం బదులు 5.54 శాతం పెట్టి వెనక నుంచి మళ్లీ లెక్కేయడం, అప్పుడు పది లక్షలు చాలవు. ఉద్యోగస్తులకు మొదటి దారే సులువు.

గిల్ట్ ఖాతాలో కొన్న ఈ బాండ్ల వడ్డీ మీద టీడీఎస్ పట్టరు. అది సుఖంగా కనిపిస్తుంది కానీ, టీడీఎస్ పోను కట్టాల్సిన పన్ను 10,000 దాటితే అడ్వాన్స్ టాక్స్ కట్టాలి. మీ ఆఫీసులో ఈ వడ్డీని ఇతర ఆదాయంగా చూపిస్తే జీతం టీడీఎస్‌లోనే సర్దేస్తారు. ఎఫ్‌డీల్లో ఇబ్బంది వేరు: వడ్డీ చివర్లో వచ్చినా పన్ను ఏటా లెక్కకొస్తుంది, బ్యాంకు మధ్యలో టీడీఎస్ కోస్తే మెచ్యూరిటీ మొత్తం రసీదులో రాసినదాని కంటే తగ్గుతుంది. ఆ మేరకు ముందే ఎక్కువ వేసుకోండి.

## 9. ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

ఎఫ్‌డీ ఆటో రెన్యూవల్. జులైలో మెచ్యూర్ అయిన ఎఫ్‌డీ దానంతటదే ఇంకో రెండేళ్లకు రెన్యూ అయిపోతుంది. ఆగస్టులో ఫీజు కట్టబోతే ఖాతాలో డబ్బుండదు. వేసే రోజే "మెచ్యూరిటీకి ఖాతాలో జమ" అన్న ఎంపిక పెట్టి, రసీదులో ఆ మాట ఉందో లేదో చూడండి. ఇప్పటికే రెన్యూ అయిపోతే ఆలస్యం చేయకుండా బ్యాంకుకు వెళ్లండి, మొదటి కొద్ది రోజుల్లో జరిమానా లేకుండా రద్దు చేసే బ్యాంకులున్నాయి.

బాండు ధర పడిందని టెన్షన్. వడ్డీ రేట్లు 1 శాతం పెరిగితే ఐదేళ్ల బాండు ధర సుమారు 4 శాతం పడుతుంది. స్టేట్‌మెంట్‌లో 3,10,000 బాండు 2,98,000గా కనిపించొచ్చు. 2031లో వచ్చేది మాత్రం 3,10,000. ఫీజుకు కావాల్సింది అదే కాబట్టి ఏమీ చేయక్కర్లేదు. అయితే మధ్యలో అమ్మాల్సి వస్తే ఆ నష్టం నిజమవుతుంది.

సెలవు రోజు. అసలు తిరిగిచ్చే తేదీ సెలవైతే ప్రభుత్వ బాండ్లకు ముందు పనిదినాన ఇస్తారు, వడ్డీ మాత్రం తర్వాతి పనిదినాన వేస్తారు. వడ్డీని నమ్ముకుని చివరి రోజు ఫీజు కట్టాలనుకోవద్దు.

బ్యాంకు ఖాతా మారడం. ఉద్యోగం మారి పాత జీతం ఖాతా మూసేస్తారు. గిల్ట్ ఖాతాలో పాత నంబరే ఉంటుంది. డబ్బు పోదు కానీ ఆగుతుంది, సరిచేసేలోగా గడువు దాటుతుంది. ల్యాడర్‌కు జీతం ఖాతా కలపొద్దు.

మెచ్యూర్ అయిన మెట్టును మళ్లీ పొడవు బాండులో పెట్టడం. పెన్షన్‌లా ఎప్పటికీ ఆదాయం కావాల్సినవాళ్లు అలా తిప్పుతారు. ఫీజు ల్యాడర్ ఒక్కో మెట్టు కరిగిపోవడానికే వేసింది.

అంచనా తప్పడం. ఫీజు 3,10,000 అనుకుంటే 3,40,000 అయింది. మెట్టు మార్చలేరు, తర్వాతి మెట్టు అమ్మితే వచ్చే ఏడు గొయ్యి పడుతుంది. ఆ తేడా 30,000ను సింకింగ్ ఫండ్‌లో కొత్త ఖర్చుగా చేర్చండి. పది నెలల ముందు తెలిస్తే నెలకు 3,000. అందుకే ఏటా ఫీజు సర్క్యులర్ రాగానే వచ్చే మెట్టుతో పోల్చాలి.

## 10. ఏటా ఒకసారి చేయాల్సిన తనిఖీ

ఫీజు కట్టిన వారంలోనే, కాగితాలన్నీ బయట ఉన్నప్పుడే చేసేయండి.

□ వచ్చే మెట్టు మెచ్యూరిటీ తేదీ, ఫీజు చివరి తేదీకి ముందే ఉందా
□ వచ్చే ఏడాది ఫీజు, వచ్చే మొత్తం: తేడా ఎంత
□ మిగిలిన బాండ్ల వడ్డీ సరైన ఖాతాలోనే పడిందా, ఎవరూ వాడలేదా
□ ఎఫ్‌డీల్లో ఆటో రెన్యూవల్ ఆపి ఉందా, ఒక్కో బ్యాంకులో 5 లక్షలు దాటిందా
□ సింకింగ్ ఫండ్‌లో పెరిగిన ప్రీమియాలు, కొత్త విత్తు సొమ్ము

ప్రీమియాలు పెరిగినప్పుడు నెలవాటా ఒక్కటే పెంచి ఊరుకోవద్దు, నిల్వల వరుస మళ్లీ రాయండి. ఆరోగ్య బీమా 36,000 నుంచి 42,000కి పెరిగితే మొత్తం 1,14,000, నెలకు 9,500. జులై నుంచి అంతే వేసినా మార్చిలో లోటు ఈసారి 20,500 అవుతుంది. జూన్ నిల్వ 19,000 ఉంది కాబట్టి ఇంకో 1,500 ఒకసారి కలిపితే ఏడాది గడిచిపోతుంది.

కన్వీనర్ కోటాలో సీటొచ్చి ఫీజు సగానికి తగ్గితే 2028 మెట్టులో మిగిలినది ముందు వచ్చే ఏళ్ల పన్నుకు పక్కన పెట్టండి. మిగతా బాండ్లు అమ్మాల్సిన పని లేదు, అవి వాటి తేదీకి వస్తాయి. అప్పుడు వేరే ఖర్చు ఏదైనా ఉంటే దాని పేరు ఆ మెట్టు పక్కన రాసుకోవడమే.